‘వేర్ యూ ఆర్ గోయింగ్?’
“నువ్వు కుప్పానికి పోతా ఉండావు.” రామకుప్పం బస్సు దగ్గర వినిపించే ఈ మాటలో ‘కుప్పానికి’ తీసి ‘యాడికి’ పెడితే చాలు, ప్రశ్న తయారు. మిగతా మాటలు కదలవు, క్రియ చివరే ఉంటుంది. సరిహద్దు అవతలి తమిళ, కన్నడాల్లోనూ ఇదే పద్ధతి.

ఇంగ్లీషులో మాత్రం రెండు మార్పులు జరగాలి. ‘వేర్’ మొదటికి రావాలి, ‘యూ’ కంటే ముందు ‘ఆర్’ నిలవాలి: “వేర్ ఆర్ యూ గోయింగ్?” మనవాళ్లు చాలామంది మొదటిది చేసి, రెండోది వదిలేస్తారు. అది తెలివితక్కువతనం కాదు, తెలుగులో ఆ అవసరమే లేదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఈ తప్పు దిద్దుకున్నవారే “ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ” అంటారు. ప్రశ్న మరో వాక్యంలో ఇమిడితే ఆ తారుమారు ఉండదు. అక్కడ “వేర్ హీ ఈజ్” అనాలి.