మైనస్ 0.7 పెద్దదా, మైనస్ 3/4 పెద్దదా? సంపు మూత తీసి చూద్దాం

కల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. -0.7, -3/4, -0.65, -2/3. ఈ నాలుగు సంఖ్యల్లో అన్నింటికన్నా పెద్దది ఏది? అన్నింటికన్నా చిన్నది ఏది?

వీడియో ఒక్క నిమిషం ఆపండి. మీకు తోచిన జవాబు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. మళ్లీ దాన్ని దిద్దొద్దు. అది తప్పా ఒప్పా అన్నది తర్వాత చూద్దాం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. "పెద్దది" అంటే ఏంది? పుస్తకంలో సంఖ్యారేఖను అడ్డంగా గీస్తారు. మధ్యలో సున్నా, కుడిపక్క ధన సంఖ్యలు, ఎడమపక్క రుణ సంఖ్యలు. రెండు సంఖ్యల్లో కుడివైపు ఉన్నదే పెద్దది. రూలు ఇంతే. కానీ కుడి, ఎడమ అంటే చాలామందికి పట్టు దొరకదు. అందుకే నేను ఆ గీతను నిలబెడతా. కుడి చివరను పైకి లేపి నిలబెట్టామంటే, కుడి అన్నది పైకి అవుతుంది, ఎడమ అన్నది కిందికి అవుతుంది. ఇప్పుడు రూలు ఇట్లా మారుతుంది: పైన ఉన్నది పెద్దది, కింద ఉన్నది చిన్నది.

నిలబెట్టిన సంఖ్యారేఖ మన సీమలో ప్రతి చేనులో ఉంది. అదే బోరు. నేలమట్టం సున్నా. నేలకు పైన ఉన్నది ప్లస్, నేలలోకి దిగింది మైనస్.

ఒక బోరు తీసుకుందాం. ఏప్రిల్‌లో నీళ్లు నేల నుంచి 12 మీటర్ల లోతులో ఉన్నాయి అనుకుందాం. వానలు పడినాక అక్టోబర్‌లో చూస్తే 8.5 మీటర్ల లోతులో ఉన్నాయి. రేఖ మీద నీళ్లు ఉన్న చోటు ఏప్రిల్‌లో -12, అక్టోబర్‌లో -8.5. నీళ్లు ఎప్పుడు పైన ఉన్నాయి? అక్టోబర్‌లో. పైన ఉన్నది పెద్దది కాబట్టి -8.5 పెద్దది, -12 చిన్నది. గుర్తుతో రాస్తే -12 < -8.5.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. 12 అన్న అంకె మనకు లోతు చెబుతోంది, అంటే సున్నా నుంచి ఎంత దూరమో చెబుతోంది. ముందున్న మైనస్ గుర్తు ఏ దిక్కుకో చెబుతోంది. దిక్కు కిందికి అయినప్పుడు, ఎంత ఎక్కువ దూరం పోతే అంత చిన్న సంఖ్య. మైనస్‌లో లెక్క తిరగబడడానికి కారణం ఇదే, వేరే మంత్రం ఏమీ లేదు.

భూగర్భ జలశాఖ వాళ్లు నీటిమట్టం చూడడానికి ఫీజోమీటర్లు అని సన్నటి బోర్లు వేసి ఉంచుతారు. వాళ్ల లెక్కలో మైనస్ ఉండదు, "నేల నుంచి ఇన్ని మీటర్ల లోతు" అని మాత్రమే ఉంటుంది. అందుకే 12 నుంచి 8.5కు వచ్చింది అని చదివితే నీళ్లు తగ్గాయేమో అనిపిస్తుంది. తగ్గింది లోతు. నీళ్లు పెరిగాయి. అంకె లోతుదా, చోటుదా అని ముందు అడగండి.

ఇంకో సంగతి. -8.5 అన్న గుర్తు ఎక్కడ పెట్టాలి? -8 దగ్గరికి దిగి, ఇంకో అర మీటరు కిందికి పోవాలి. అంటే అది -8కి -9కి మధ్యలో ఉంటుంది. కొంతమంది -8 దగ్గర ఆగి, అర మీటరు పైకి ఎక్కి గుర్తు పెడతారు. అది -7.5 అవుతుంది. మైనస్ గుర్తు ముందున్న 8కే కాదు, పాయింట్ తర్వాత ఉన్న దానికి కూడా వర్తిస్తుంది. మొత్తం ఎనిమిదిన్నర మీటర్లూ కిందికే.

ఇప్పుడు మన నాలుగు సంఖ్యల దగ్గరికి వద్దాం. అవన్నీ సున్నాకి, -1కి మధ్యలోనే ఉన్నాయి. బోరు అంత లోతు అక్కర్లేదు, ఇంటి ముందు సంపు చాలు.

ఒక వీధిలో నాలుగు ఇళ్లు, నాలుగు సంపులు. మూతలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయనుకుందాం. మూత దగ్గర సున్నా. ఎవరి సంపులో నీళ్లు మూత నుంచి ఎంత కిందికి ఉన్నాయో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. మొదటింటి అన్న టేపు పెట్టి "పాయింట్ ఏడు మీటరు" అన్నాడు. రెండో ఇంటి పెద్దాయన "ముప్పావు మీటరు నాయనా" అన్నాడు. మూడో ఇంటి అక్క "పాయింట్ ఆరు ఐదు" అంది. నాలుగో ఇంటి మేస్త్రీ "మీటరును మూడు భాగాలు చేస్తే రెండు భాగాలు" అన్నాడు. అవే మన -0.7, -3/4, -0.65, -2/3. ఎవరి సంపులో నీళ్లు పైన ఉన్నాయో అదే పెద్ద సంఖ్య.

నలుగురూ నాలుగు భాషల్లో చెప్పినట్టుంది. ముందు అందరినీ ఒకే టేపు మీదికి తెద్దాం. మీటరుకు 100 సెంటీమీటర్లు.

0.7 అంటే పది భాగాల్లో ఏడు. నూరు భాగాల్లో అయితే 70. అంటే 70 సెంటీమీటర్లు. 0.7 అన్నా 0.70 అన్నా టేపు మీద ఒకే గీత. 0.65 అంటే 65 సెంటీమీటర్లు. ముప్పావు అంటే మూడు పావులు. పావు మీటరు 25, మూడు పావులు 75 సెంటీమీటర్లు. ఇక 2/3 ఉంది. 100ను మూడుతో భాగిస్తే 33, ఇంకా ఒకటి మిగులుతుంది. దశాంశంలో రాస్తే 0.666... అని ఆరులు ఆగకుండా పోతూనే ఉంటాయి. టేపు మీద అది 66కి 67కి మధ్యలో ఉంటుంది.

ఇప్పుడు మూత నుంచి కిందికి దిగుతూ రండి. మొదట 65 దగ్గర అక్క నీళ్లు. తర్వాత 66 దాటినాక మేస్త్రీ నీళ్లు. తర్వాత 70 దగ్గర అన్న నీళ్లు. అన్నింటికన్నా కింద, 75 దగ్గర, పెద్దాయన నీళ్లు. కింద నుంచి పైకి రాస్తే:

-3/4 < -0.7 < -2/3 < -0.65

అన్నింటికన్నా పెద్దది -0.65. అన్నింటికన్నా చిన్నది -3/4. సున్నా ఈ నాలుగింటికన్నా పెద్దది, ఎందుకంటే మూత నీళ్లకు పైన ఉంది.

2/3ని 0.67 అని రాసుకోవచ్చు కదా అని అడుగుతారు. ఈ నాలుగింటి వరకు నడుస్తుంది. కానీ ప్రశ్నలో -2/3, -0.67 రెండూ పక్కపక్కన ఇస్తే మోసపోతారు, రెండూ సమానం అనేస్తారు. 2/3 నిజంగా 67 కన్నా కొంచెం తక్కువ లోతు. కాబట్టి -2/3 పైన ఉంది, అదే పెద్దది. భిన్నాలు మాత్రమే ఉంటే టేపు కూడా వద్దు, ముక్కలు సమానం చేస్తే చాలు. 3/4, 2/3 రెండింటికీ మీటరును 12 ముక్కలు చేయండి. 3/4 అంటే 9 ముక్కలు, 2/3 అంటే 8 ముక్కలు. తొమ్మిది ముక్కలు దిగినవాడు ఎక్కువ కిందికి పోయాడు. కాబట్టి -3/4 చిన్నది.

ఇప్పుడు మీ కాగితం బయటికి తీయండి. -0.65 పెద్దది అని రాశారా? సంతోషం, కానీ అప్పుడే కాదు. ఈ జవాబు తప్పుడు దారిలో కూడా వస్తుంది. ఎట్లాగంటే, ఒకరు పాయింట్ తర్వాత 65, 7 అని చూసి "65 పెద్దది కదా" అనుకుంటారు. అది మొదటి తప్పు, ఎందుకంటే పోల్చాల్సింది 65ని 70తో. తర్వాత మైనస్‌ను పట్టించుకోకుండా "అయితే -0.65 పెద్దది" అని రాస్తారు. అది రెండో తప్పు. రెండు తప్పులూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చేస్తుంది. మాస్టారు టిక్ పెడతాడు. తప్పు లోపలే ఉండిపోతుంది.

దాన్ని పట్టుకోవాలంటే ఒక్క జత చాలదు, రెండు జతలు కావాలి. మొదటి జత -0.65, -0.7. రెండో జత -0.75, -0.7. ఒక్కో జతలో పెద్దది చెప్పాలి. మొదటి దాంట్లో -0.65, రెండో దాంట్లో -0.7 సరైన జవాబులు.

మొదటిది ఒప్పు, రెండోది తప్పు వచ్చిందా? ఇప్పుడు చెప్పిన రెండు తప్పులూ కలిసి ఉన్నట్టు. "75 పెద్దది" అని -0.75 రాసి ఉంటారు. మొదటిది తప్పు, రెండోది ఒప్పు వచ్చిందా? మైనస్ తిరగేయడం వచ్చు, కానీ 7ను 70గా చూడడం లేదు. రెండూ తప్పేనా? అంటే పాయింట్ లెక్క బాగానే వచ్చు, మైనస్ ఒక్కటి మరిచిపోతున్నారు. మీ తమ్ముడికో చెల్లెలికో ఈ రెండు జతలు ఇచ్చి చూడండి, ఎక్కడ ఇరుక్కున్నారో జవాబే చెప్పేస్తుంది.

మన ఫోన్లలో రోజూ చూసే చోట కూడా ఇదే లెక్క ఉంది. ఐపీఎల్ పాయింట్ల పట్టికలో నెట్ రన్ రేట్. 2024లో ఢిల్లీకి, లక్నోకి ఇద్దరికీ 14 పాయింట్లే. ఢిల్లీ రన్ రేట్ -0.377, లక్నోది -0.667. పాయింట్లు సమానం కాబట్టి రన్ రేట్ ఎవరిది పెద్దదో వాళ్లు పైన. 0.377 సున్నాకి దగ్గర, అంటే తక్కువ లోతు. ఢిల్లీ ఆరో స్థానం, లక్నో ఏడో స్థానం. 667 అంకె పెద్దదని లక్నోను పైన పెట్టి ఉంటే పట్టికే తలకిందులయ్యేది.

కాబట్టి లెక్క రాగానే మూడు పనులు, ఇదే వరుసలో. ఒకటి, ఏది సున్నాకి పైన, ఏది కింద అని గుర్తు చూడండి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే పని అక్కడికే అయిపోయింది, ప్లస్ పెద్దది. రెండు, రెండూ మైనస్ అయితే భిన్నాన్ని, దశాంశాన్ని ఒకే టేపు మీదికి తెచ్చి ఎవరు ఎంత లోతో చూడండి. మూడు, తక్కువ లోతు ఉన్నదాన్ని పెద్దది అని రాయండి.

పోయే ముందు ఒకటి మీకు. -1.2 పెద్దదా, -5/4 పెద్దదా? 5/4 అంటే ఐదు పావులు, మన మాటలో ఒకటింబావు. ఈసారి టేపు మీటరు దాటి కిందికి పోతుంది. 120 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 125 దగ్గర ఇంకొకటి. ఏది పైన ఉందో మీకే కనపడుతుంది. ఉంటాను.