నెత్తికి రాసే స్టెరాయిడ్ లోషను: ఎంత, ఎన్నాళ్లు, ఎలా మానాలి



నెత్తిమీద సొరియాసిస్ ఉన్నవారికి చర్మవైద్యులు తరచుగా వ్రాసే మందులలో క్లోబెటసాల్ 0.05 శాతం లోషను ఒకటి. పైపూతగా వాడే స్టెరాయిడ్లలో ఇది అత్యంత బలమైన తరగతికి చెందినది. నాలుగైదు రోజులలోనే దురద తగ్గి, పొలుసులు పలచబడతాయి. అంత త్వరగా గుణం కనిపించడమే చిక్కులకు మూలం. మంచి మందు కదా అని సీసా వెంట సీసా కొనడం అలవాటవుతుంది.

ఉదాహరణకు, బెంగళూరులో చిరకాలంగా స్థిరపడిన ఒక తెలుగు గృహిణిని తీసుకోవచ్చు. ఆమె నెత్తిలో మూడోవంతు భాగానికి మచ్చలున్నాయి. వైద్యుడు "రోజుకు రెండుసార్లు, రెండు వారాలు" అని ఆంగ్లంలో వ్రాశాడు. ఇంట్లోవారికి మొదటి మాట తెలిసింది, రెండవది తెలియలేదు. అదే చీటీతో ఏడు నెలలపాటు మందు కొన్నారు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పైపూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. కానీ పాత చీటీని పదేపదే చూపితే ఆ నిబంధన ఎవరిని కాపాడగలదు?

ఆమెకు 30 మిల్లీలీటర్ల సీసా పది రోజులకే అయిపోయేది. నెత్తి అంతటికీ ఒకసారి పూయడానికి సుమారు ఒకటిన్నర మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో మూడోవంతు కన్నా కొంచెం తక్కువ, సరిపోతుంది. ఆమె మచ్చలకు అరమిల్లీలీటరు, దాదాపు పది చుక్కలు చాలు. రోజుకు రెండుసార్లు పూసినా ఆ సీసా నెలరోజులు రావాలి. మరి మిగిలినదంతా ఎక్కడికి పోయింది? జుట్టుకు పట్టింది, నుదుటిమీదికీ చెవుల వెనక్కీ కారింది.

సరైన పద్ధతి ఇది. ఆరిన తలను పాయలు తీసి, చర్మం కనబడేటట్లు పట్టుకొని, సీసా మొనను మచ్చకు ఆనించి రెండు మూడు చుక్కలు వేయాలి. వేలికొనతో మెల్లగా అద్ది, చేతులు కడుక్కోవాలి. పొలుసు మందంగా ఉంటే మందు చర్మాన్ని చేరదు. అందుచేత ముందు కొబ్బరినూనెతో నానబెట్టి, తలస్నానం చేసి, మెత్తబడిన పొలుసును దువ్వెనతో తీయాలి గాని గోళ్లతో గీకరాదు. ఈ లోషన్లలో చాలావాటికి మండే గుణముంది కనుక ఆరేవరకు పొయ్యి దగ్గరకు, దీపం దగ్గరకు వెళ్లకూడదు.

కారిన మందు ఎందుకు ప్రమాదమంటే, చర్మం అన్నిచోట్లా ఒకేలా మందును పీల్చుకోదు. ముంజేతి చర్మం ఒక వంతు పీల్చుకుంటే నెత్తి మూడున్నర వంతులు, నుదురు ఆరు వంతులు పీల్చుకుంటాయని 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ చేసిన పరిశోధన తెలిపింది. అందుకే ఆమెకు చర్మం పలచబడిన గుర్తులు ముందుగా నుదుటి అంచున కనిపించాయి. అక్కడ చర్మం నిగనిగలాడింది, ఎర్రని సన్నటి రక్తనాళాలు దారాలవలె తేలాయి, ఎండ తగిలితే మంట పుట్టింది. నెత్తిమీద వెంట్రుకలు ఈ గుర్తులను కప్పివేస్తాయి కాబట్టి, వేరొకరు పాయ తీసి చూడటం మేలు. పలచబడిన చర్మం మందు మానితే కొన్ని నెలలలో చాలావరకు కోలుకుంటుంది. తేలిన రక్తనాళాలు మాత్రం కొన్నిసార్లు నిలిచిపోతాయి.

రెండు వారాలు మాత్రమే వాడినవారు సాధారణంగా నేరుగా ఆపవచ్చు. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపితే జబ్బు మునుపటికన్నా ఉధృతంగా తిరగబెట్టవచ్చు. ఆమె విషయంలో చర్మవైద్యురాలు నుదుటికి, చెవుల వెనుకకు మందు తగలడం వెంటనే ఆపించి, నెత్తికి మాత్రం క్రమంగా తగ్గించింది. క్లోబెటసాల్ స్థానంలో దానికన్నా ఒక మెట్టు తక్కువ బలమున్న మోమెటసోన్ ఇచ్చి, మొదటి రెండు వారాలు రాత్రిపూట ఒక్కసారి, తరువాతి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, ఆపై నాలుగు వారాలు వారానికి రెండు రాత్రులు వాడమన్నది. మందు లేని రాత్రులలో స్టెరాయిడ్ కాని కాల్సిపోట్రియోల్ లోషను వ్రాసింది. మధ్యలో దురద పెరిగితే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి, అంతేగాని రోజుకు రెండుసార్ల పాత పద్ధతికి కాదు. ఈ లెక్క ఆమెది. ఇతరులకు జబ్బు విస్తీర్ణాన్ని, వాడిన కాలాన్ని బట్టి మారుతుంది. పిల్లల విషయంలో సొంత లెక్కలు అసలే పనికిరావు.

మందు తగ్గించే రోజులలో నుదుటిమీద ఎర్రదనం, మంట కొన్ని వారాలు ఉండవచ్చు. దానికి భయపడి మళ్లీ అదే లోషను పూస్తే చక్రం మొదటికి వస్తుంది. విడవని నీరసం, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లుండటం వంటివి ఉంటే మందు శరీరంలోకి ఎక్కువగా చేరిందేమో వైద్యులు రక్తపరీక్షతో చూస్తారు. జ్వరంతోపాటు ఒంటిమీద చిన్న చిన్న చీము పొక్కులు లేస్తే మాత్రం, వాడిన సీసాలను వెంట తీసుకొని ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.