మునగాకు పొడి: చెట్టు దగ్గర నుంచి సీసా దాకా

మునగాకు పొడి చేయడం మనకు కొత్త కాదు. పొడి ఎందుకు పాడవుతుందో, దాన్ని ముందే ఎలా కనిపెట్టాలో మాత్రమే ఈ రోజు చెప్పుకుందాం.

మొదట చెట్టు సంగతి. మేము రోడ్డు పక్క, మురుగుకాలువ గట్టున, పురుగుమందు కొట్టే చేను అంచున ఉన్న చెట్ల ఆకు కోయం. పైన పడ్డ దుమ్ము కడిగితే పోతుంది, కానీ వేరు పీల్చుకున్న విషం ఎన్నిసార్లు కడిగినా పోదు. పైగా ఈనెలు తీసిన ఆకు నాలుగైదు కిలోలు ఎండితేనే కిలో పొడి వస్తుంది. ఎండితే పోయేది నీరు ఒక్కటే. చెడు ఉంటే అదంతా ఆ కిలోలోకే చేరుతుంది.

కోసిన రోజే ఆకును తాగే నీళ్లతో రెండుసార్లు కడుగుతాం. లీటరు నీళ్లకు రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపి అయిదు నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లలో జాడిస్తాం. నీళ్లు ఓడిపోయాక గాలి ఆడే గదిలో, నేలకు ఎత్తుగా మంచం మీద శుభ్రమైన బట్ట పరిచి పలచగా ఆరబెడతాం. పైన దోమతెర కప్పుతాం. ఎండలో వేస్తే రంగు, పోషకాలు రెండూ పోతాయి. ముసురు పట్టినప్పుడు ఈ పని పెట్టుకోం, ఎందుకంటే ఆరేలోపే ఆకుకు బూజు పడుతుంది.

ఎండిందో లేదో చేతికి సరిగా తెలియదు, తూకానికి తెలుస్తుంది. ఒకసారి అయిదు కిలోల ఆకు ఆరబెట్టాం. మూడో రోజు చేత్తో నలిపితే గలగలలాడింది, తూస్తే 1,400 గ్రాములు. మర్నాడు 1,250, ఆ మర్నాడు 1,200, తర్వాతి రోజూ 1,200. తూకం తగ్గడం ఆగినప్పుడే మిక్సీలో వేశాం. మూడో రోజే పట్టి ఉంటే ఆ రెండు వందల గ్రాముల నీరు సీసాలోకి పోయేది.

మిక్సీ గిన్నె తడి లేకుండా తుడవాలి. పిండిమరకు తీసుకెళ్తే, అంతకుముందు కారమో పల్లీలో పట్టి ఉంటే శుభ్రం చేయించాకే పోయించండి. పల్లీ పడనివాళ్లకు ఆ కాస్త కూడా ప్రమాదమే. పట్టిన పొడి వేడిగా ఉంటుంది. అలాగే మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. పూర్తిగా చల్లారాక, పొడి సీసాలో గట్టిగా మూత పెట్టి, వెలుతురు తగలని చోట ఉంచాలి. సీసా మీద పట్టిన తేదీ రాయాలి.

ఇలా చేసిన పొడిని మేము ఆరు నెలల్లోపే వాడేస్తాం. రంగు వెలిసి వాసన తగ్గితే పాతబడినట్టు. ఉండకట్టినా, ముక్కవాసన వచ్చినా లోపలికి తడి చేరినట్టు. అది మళ్లీ ఎండబెట్టి జల్లించి అమ్మేది కాదు. బూజు కనిపించకపోయినా అది వదిలిన విషం పొడిలో ఉండిపోతుంది. కష్టమనిపించినా సీసా మొత్తం పారబోయాల్సిందే.