మజ్జిగ మంచిదే - మరి అందులో ఉప్పు?



ఎండలు ముదిరాయి. రోహిణీ కార్తె వస్తే రోళ్ళు పగులుతాయంటారు. ఈ రోజుల్లో మన ఇళ్ళల్లో మజ్జిగ కుండ ఖాళీగా ఉండదు. కొన్ని ఊళ్ళల్లో దీన్నే చల్ల అంటారు. చలివేంద్రాల్లోనూ మంచినీళ్ళతో పాటు మజ్జిగ పోస్తారు. అయితే బి.పి. ఉన్నవాళ్ళకు ఒక అనుమానం ఉంటుంది. మేం మజ్జిగ తాగవచ్చా? ఆ సంగతే ఈరోజు చెప్పుకుందాం.

ముందు మజ్జిగ ఎలా తయారవుతుందో చూద్దాం. గోరువెచ్చని పాలలో కొంచెం పెరుగు తోడు వేస్తాం. ఆ తోడులో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలలోని చక్కెరను తిని, పులుపును పుట్టిస్తాయి. ఆ పులుపు వల్లనే పాలు పెరుగుగా తోడుకుంటాయి. పాలు మరీ వేడిగా ఉంటే ఆ జీవులు చచ్చిపోతాయి. అప్పుడు పెరుగు తోడుకోదు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిందే.

ఆ సూక్ష్మజీవులు మజ్జిగలోనూ బతికే ఉంటాయి. పాలు తాగితే కడుపు ఉబ్బరించే కొందరికి మజ్జిగ పడుతుంది. కారణం ఇదే. పాలలోని చక్కెరలో కొంత అవి ముందే తినేస్తాయి. మిగతాది అరగడానికి కూడా సాయపడతాయి.

ఇప్పుడు ప్రోబయోటిక్ అనే మాట బాగా వినపడుతోంది. ఒంటికి మేలు చేస్తాయని పరీక్షల్లో తేలిన సూక్ష్మజీవులను అలా పిలుస్తారు. అవి తగినన్ని బతికి ఉండాలి కూడా. మన ఇంటి తోడులో ఏ రకం జీవులు ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో కొలిచి చెప్పలేం. ఇంటింటికీ మారుతుంది. కాబట్టి మజ్జిగ మంచి ఆహారమే గాని, బి.పి.కి మందు కాదు. మజ్జిగ తాగుతున్నాం గదా అని బిళ్ళలు మానకూడదు. మజ్జిగ పులుసు కాస్తే వేడికి ఆ జీవులు చాలావరకు చచ్చిపోతాయి. మజ్జిగకు తాలింపు వేసుకునేవాళ్ళు తాలింపు చల్లారాక కలపాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. మజ్జిగలో సహజంగా ఉండే ఉప్పు చాలా తక్కువ. నీళ్ళు పోసి పలచన చేస్తే ఇంకా తగ్గుతుంది. బి.పి.ని పెంచేది మజ్జిగ కాదు, అందులో మనం వేసే ఉప్పు.

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 గ్రాములంటే తలకొట్టిన ఒక టీ చెంచా. కూర, పప్పు, పచ్చడి, మజ్జిగ - అన్నిటిలో ఉన్నదీ కలిపి అంతే.

ఒక ఇంటి సంగతి చూద్దాం. ఆ ఇంట్లో నలుగురు. పెద్దాయనకు 60 ఏళ్ళు. బి.పి. బిళ్ళ రోజూ వేసుకుంటాడు. అయినా చూపించుకున్న ప్రతిసారీ 150కి పైనే ఉంటోంది. కోడలికి దిగులు పట్టుకుంది. బి.పి. అలాగే ఉంటే పక్షవాతం రావచ్చు, గుండె, కిడ్నీలు దెబ్బతినవచ్చు అని ఆమె విన్నది. ఏ.ఎన్.ఎం. ఇంటికి వచ్చినప్పుడు అడిగింది.

"అమ్మా, కూరలో ఉప్పు తగ్గించే వండుతున్నాను. మా మామయ్యకు బి.పి. ఎందుకు తగ్గడం లేదు?"

"పెద్దయ్యా, మజ్జిగ ఎన్ని గ్లాసులు తాగుతారు?" అని అడిగింది ఏ.ఎన్.ఎం.

"ఎండాకాలం గదమ్మా. మూడు గ్లాసులు తాగుతా. ఒక్కోదాంట్లో అర చెంచా ఉప్పు వేసుకుంటా. చప్పగా ఉంటే గొంతు దిగదు."

ఏ.ఎన్.ఎం. కోడలి చేత లెక్క వేయించింది. అర చెంచా అంటే రెండున్నర గ్రాములు. మూడు గ్లాసులకు ఏడున్నర గ్రాములు. అంటే రోజు మొత్తానికి సరిపోయే ఉప్పు కన్నా ఒకటిన్నర రెట్లు మజ్జిగలోనే పోతోంది! ఆపైన అన్నంలో ఆవకాయ, మజ్జిగన్నంలోకి చల్ల మిరపకాయలు. వాటినిండా ఉప్పే. కూరలో తగ్గించినది మజ్జిగలో తిరిగి వచ్చేసింది.

"మరి సైంధవ లవణం వేసుకుంటే?" అన్నాడు పెద్దాయన.

"అదీ ఉప్పే పెద్దయ్యా. బి.పి.ని పెంచే సోడియం అందులోనూ ఉంటుంది. బి.పి. వాళ్ళకని సోడియం తగ్గించిన ఉప్పు కూడా అమ్ముతారు. అందులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నా, కొన్ని రకాల బి.పి. బిళ్ళలు వాడుతున్నా అది ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనవద్దు."

ఆ రోజు నుంచి కోడలు మజ్జిగ ఇలా చేసింది. ఒక కప్పు పెరుగు, మూడు కప్పుల మంచినీళ్ళు కలిపి కవ్వంతో బాగా చిలికింది. అల్లం, కరివేపాకు, కొత్తిమీర, కాస్త పచ్చిమిర్చి దంచి వేసింది. వేయించిన జీలకర్ర పొడి చల్లింది. తాగేముందు నిమ్మకాయ పిండింది. ఉప్పు వేయలేదు. మొదట్లో పెద్దాయన మొహం చిట్లించాడు. కొన్ని వారాలకు నాలుక అలవాటు పడింది. పచ్చడి కూడా తగ్గించాడు. బిళ్ళ మానలేదు. రెండు నెలల తర్వాత బి.పి. 144 చూపింది. అందరికీ ఇంతే తగ్గుతుందని కాదు. కాని ఉప్పు తగ్గితే బిళ్ళ పని సులువవుతుంది.

ఎండలో పని చేసేవాళ్ళ మాటేమిటి? చెమటలో ఉప్పు పోతుంది, నిజమే. కాని మనం తినే కూరా పచ్చళ్ళలోనే మామూలుగా అవసరానికి మించి ఉప్పు ఉంటుంది. బి.పి. ఉండి రోజంతా ఎండలో పని చేసేవాళ్ళు తమకు ఎంత ఉప్పు కావాలో డాక్టరును అడగాలి. లేస్తే కళ్ళు తిరిగినా, బాగా నీరసంగా ఉన్నా వెంటనే నీడకు వచ్చి బి.పి. చూపించుకోవాలి. వాంతులు, విరేచనాలు అయితే మజ్జిగ ఒక్కటే చాలదు. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మజ్జిగ ఎంత తాగాలో కూడా డాక్టరే చెప్పాలి.

అంగట్లో ప్యాకెట్ మజ్జిగ కొంటే దానిమీద సోడియం అంకె వెతకండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. ఆ అంకె 100 మిల్లీలీటర్లకా, ప్యాకెట్ మొత్తానికా అన్నది కూడా చూడండి. చలివేంద్రంలో మజ్జిగ పోస్తుంటే ఉప్పు కలిపారా అని అడగండి. కలిపితే మంచినీళ్ళు తాగండి.

చివరగా ఒక లెక్క. నలుగురికి రోజుకు 20 గ్రాముల ఉప్పు చాలు. అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. పెద్దాయన ఇంట్లో అది 30 రోజులకే అయిపోయేది.

మీరు చేయండి:
1. ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు తేదీ దానిమీద రాయండి.
2. మీ ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టి 5తో హెచ్చవేయండి. 1000ని ఆ అంకెతో భాగించండి. ప్యాకెట్ ఎన్ని రోజులు రావాలో తెలుస్తుంది.
3. అయిపోయిన తేదీ కూడా రాయండి. ముందే అయిపోతే, ఆ ఉప్పు ఎందులో పోతోందో ఇంటిల్లిపాదీ కూర్చుని వెతకండి. ఊరగాయలకు విడిగా కొన్న ఉప్పును మరువకండి.