ఫోటోలో వచ్చిన రెజ్యూమె

మొన్న కమాన్‌పూర్ నుంచి మా బావ కొడుకు తన రెజ్యూమెను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. వాడు వెతుకుతున్నది మొదటి ఉద్యోగం, సాఫ్ట్‌వేర్‌లో. ఒక మూల నీడ పడి, ఫోన్ నంబర్‌లో ఒక అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. ప్రాజెక్టు కింద ఒకటే వాక్యం: "లైబ్రరీ ప్రాజెక్టులో పనిచేశాను."

ఫోన్ చేసి అడిగాను: "ఏం చేసినవ్ రా అందులో?"

"సెర్చ్ పేజీ నేనే రాసిన మామా. నలుగురం చేసినం."

"దేంతో రాసినవ్? ఎట్ల పరీక్షించినవ్?"

"జావా, మైఎస్‌క్యూఎల్. 300 పుస్తకాలు ఎక్కించి చూసినం."

ఇంకేం, వాక్యం దొరికింది: "నలుగురి జట్టులో, పుస్తకాలు వెతికే పేజీని జావా, మైఎస్‌క్యూఎల్‌తో రాశాను, 300 పుస్తకాల వివరాలతో పరీక్షించాను." ముందు వాక్యం తరగతిలో ఎవరైనా రాసుకోవచ్చు, ఇది వాడొక్కడే రాయగలడు. "వేగం 40 శాతం పెంచాను అని పెట్టనా?" అన్నాడు. కొలవలేదుగా, వద్దన్నాను. ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఆ అంకె గురించే.

రెజ్యూమెను మళ్లీ టైపు చేయించి పీడీఎఫ్ చేయించాను. చాలా కంపెనీల్లో దరఖాస్తును ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. ఫోటోలోని అక్షరాలు దానికి సరిగా అందకపోవచ్చు. మీ పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యంపై వేలు నొక్కిపట్టండి. అక్షరాలు సెలెక్ట్ కాకపోతే అది ఇంకా ఫోటోయే, పంపకండి.