పెద్దవాళ్ళ మూత్ర సమస్య – రెండు మందులు, రెండు పనులు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఆరోగ్య ఉపసంఘం ప్రసంగ పాఠం)



మా ఉపసంఘంలో ఇద్దరం ఆసుపత్రిలో పనిచేసి రిటైరయినవాళ్ళం, మిగిలినవాళ్ళం మగ్గం మీద పెరిగినవాళ్ళం. మగవాళ్ళు ఇంట్లో కూడా చెప్పుకోని మాట ఒకటి ఈరోజు మాట్లాడదామనుకున్నాం. అరవై దాటాక మూత్రం ధార సన్నబడుతుంది. మొదలవడానికి ఆలస్యమవుతుంది, అయిపోయిందనుకున్నాక చుక్కలు పడతాయి, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. "వయసు కదా" అని ఊరుకుంటాం.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. పడుచు వయసులో సుమారు 20 గ్రాములు. వయసుతో పెరుగుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. అయితే రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కాబట్టి డాక్టరు ఒకసారి పరీక్ష చేసి చూడాలి.

ఒక రబ్బరు గొట్టాన్ని పిడికిట్లో పట్టుకున్నామనుకోండి. పిడికిలి లావైతే గొట్టం నొక్కుకుంటుంది. పిడికిలి బిగించినా నొక్కుకుంటుంది. ప్రోస్టేట్‌లోనూ ఇవే రెండు జరుగుతాయి. గ్రంథి లావెక్కడం ఒకటి, అందులోని కండరం బిగుసుకోవడం ఇంకొకటి. అందుకే మందులూ రెండు రకాలు.

కాంచీపురంలో మా వీధి పెద్దాయన కథ చెబుతాం. చెప్పమని ఆయనే అన్నారు, పేరు మాత్రం వద్దన్నారు. వయసు 68, గుంట మగ్గం. మాటిమాటికి గుంటలోంచి లేవాల్సి వస్తోందని నీళ్ళు తాగడం తగ్గించేశారు. డాక్టరు స్కాన్ తీయిస్తే గ్రంథి 62 గ్రాములుంది. పీఎస్ఏ రక్తపరీక్షలో భయపడాల్సిందేమీ లేదు. రెండు మందులు రాశారు: టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు, డ్యుటాస్టెరైడ్ 0.5 మిల్లీగ్రాములు.

టామ్సులోసిన్ పిడికిలి బిగువును సడలిస్తుంది. వారంలోపే ధార మెరుగైంది. గ్రంథిని మాత్రం ఇది తగ్గించదు. కొందరికి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. అందుకే రాత్రి భోంచేశాక వేసుకొమ్మన్నారు, గుంటలోంచి ఒక్కసారిగా లేవొద్దన్నారు.

డ్యుటాస్టెరైడ్ పిడికిలినే సన్నం చేస్తుంది. మగ హార్మోను ప్రోస్టేట్‌ను పెంచే రూపంలోకి మారకుండా ఆపుతుంది. దాంతో గ్రంథి మెల్లమెల్లగా, సుమారు నాలుగోవంతు వరకు తగ్గుతుంది. కానీ ఫలితం కనపడాలంటే ఆరు నెలలు పడుతుంది. ఫినాస్టెరైడ్ కూడా ఈ రకమే. గ్రంథి బాగా పెరిగినవాళ్ళకే ఇవి రాస్తారు.

మన పెద్దాయన పొరపాటు ఇక్కడే జరిగింది. రెండు నెలలయ్యాక "ఆ రెండో బిళ్ళతో నాకేం ఒరగలేదు" అని అది మానేశారు. ధార బాగుంది కదా అని కొన్నాళ్ళకు మొదటిదీ మానేశారు. బిగువు మళ్ళీ వచ్చింది. ఆపైన జలుబు చేస్తే, దుకాణంలో అడిగి బిళ్ళ తెచ్చుకుని మూడు పూటలు వేసుకున్నారు. ముక్కు దిబ్బడ తగ్గించే మందుల్లో కొన్ని ఈ కండరాన్నే ఇంకా బిగిస్తాయి. వాటితో కలిపి వచ్చే కొన్ని అలర్జీ మందులు మూత్రాశయం నొక్కే బలాన్ని తగ్గిస్తాయి. ఆ రాత్రి చుక్క కూడా రాలేదు. పొత్తికడుపు రాయిలా అయింది. తెల్లవారుజామున ఆసుపత్రిలో గొట్టం వేస్తే 900 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది.

మళ్ళీ రెండు మందులూ మొదలుపెట్టి, మూడో రోజు గొట్టం తీశారు. మూత్రం దానంతటదే వచ్చింది. ఈసారి మానలేదు. ఎనిమిదో నెలకి రాత్రి ఒక్కసారే లేస్తున్నారు.

కొన్ని మాటలు గుర్తుంచుకోండి. డ్యుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ వాడేవాళ్ళకు ఆరు నెలల తర్వాత పీఎస్ఏ అంకె సగానికి పడిపోతుంది. పరీక్ష చేసే డాక్టరుకు ఆ మందు సంగతి చెప్పకపోతే, క్యాన్సర్ ఉన్నా అంకె తక్కువగా కనిపించి మోసపోతాం. కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు టామ్సులోసిన్ వాడిన సంగతి చెప్పాలి. డ్యుటాస్టెరైడ్ గుళిక పగిలితే ఇంట్లో గర్భిణి ముట్టుకోకూడదు, కడుపులో ఉన్నది మగబిడ్డయితే హాని. ఈ మందులతో కొందరికి దాంపత్యంలో ఇబ్బంది రావొచ్చు. సిగ్గుపడి మందు మానకండి, డాక్టరుకు చెప్పండి, మార్చే దారి ఉంటుంది.

మందులు అందరికీ చాలవు. మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, మూత్రాశయంలో రాళ్ళు చేరినా, మాటిమాటికి మూత్రం బంద్ అయినా ఆపరేషన్ అవసరమా అని డాక్టరు చూస్తారు. మూత్రం పూర్తిగా ఆగితే తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంట్లో నాన్నగారో మామగారో రాత్రిళ్ళు తలుపు తీస్తున్న చప్పుడు వినపడితే, పొద్దున ఒక్క మాట అడగండి. జలుబు బిళ్ళ కొనేటప్పుడు "ప్రోస్టేట్ ఉంది" అని దుకాణంలో చెప్పండి.