మొదటి సంవత్సరం తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం – విద్యార్థి ప్రతినిధి ప్రసంగ పాఠం

ఈ ఏడాది బాన్సువాడలో డిగ్రీలో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం. తాండాల నుంచి వచ్చినవాళ్లకు రామ్ రామ్, జై సేవాలాల్.

నేను మూడో సంవత్సరం చదువుతున్న మీ అక్కను. గాంధారి, లింగంపేట, నిజాంసాగర్, పిట్లం, నస్రుల్లాబాద్, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టి, సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడ ఇచ్చారు. ఇక పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు పని ఇప్పుడే మొదలు. చదువు సంగతి సార్లు, మేడమ్‌లు చెప్తారు. నేను స్కాలర్‌షిప్ సంగతి ఒక్కటే చెప్తాను. మన తాండాల పిల్లలు మధ్యలో ఆగిపోవడానికి మార్కులు తక్కువ రావడం ఒక్కటే కారణం కాదు. కాగితం ఎక్కడో ఇరుక్కుంటుంది, డబ్బు రాదు, నాయన "ఇంకెన్నాళ్లు తిరుగుతావు బిడ్డా" అంటాడు.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఫీజు డబ్బు కాలేజీకి పోతుంది. మెయింటెనెన్స్ డబ్బు మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. రెండింటికీ దరఖాస్తు ఒక్కటే. telanganaepass.cgg.gov.in లో నింపాలి, మీసేవలో వేలిముద్ర వేయాలి, ప్రింట్‌కు జిరాక్సులు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ వాళ్లు చూసి పైకి పంపితే గిరిజన సంక్షేమ శాఖ మంజూరు చేస్తుంది. మొదటి సంవత్సరం కొత్త దరఖాస్తు, తర్వాత ఏటా రెన్యువల్. ఇంటర్‌లో వచ్చింది కదా, అదే నడుస్తుందిలే అనుకోవద్దు. డిగ్రీకి మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సిందే.

చెప్పడానికి ఇంతే. ఇరుక్కునేది ఎక్కడంటే, పేరు దగ్గర.

మన ఇళ్లలో ఒక మనిషికి ఎన్ని పేర్లుంటాయో మీకు తెలుసు. తాండాలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఇంకొకరు వెనక రాస్తారు, ఇంకొకరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. మగపిల్లలకు నాయక్ అని, ఆడపిల్లలకు బాయి అని ఎవరో ఒకరు చేరుస్తారు. ఊరికే ఉదాహరణకు కేతావత్ అనిత అనే చెల్లెలు ఉందనుకోండి. పదో తరగతి మెమోలో KETHAVATH ANITHA అని ఉంది. ఆధార్‌లో ANITHA BAI అని ఉంది. కుల ధ్రువీకరణ పత్రంలో K ANITA అని ఉంది. తాండాలో ఎవరిని అడిగినా ముగ్గురూ ఒకటే అంటారు. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు మనుషులు. పదో తరగతి హాల్ టికెట్ నంబర్ కొడితే మెమోలో ఉన్న పేరు వస్తుంది. ఆధార్‌తో అది కలవకపోతే అక్కడే ఆగుతుంది. ఎట్లనో ముందుకు పోయినా, కాగితాలు చూసే దగ్గర ఎవరో ఒకరు పక్కన పెడతారు. వాళ్లది తప్పని నేను అనను. ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ అదే చేస్తాను.

అప్పుడు ఏది మార్చాలి? పదో తరగతి మెమోను ముట్టుకోవద్దు. అది మార్చడం చాలా పెద్ద పని, పైగా రేపు ఉద్యోగం దాకా అందరూ దాన్నే అడుగుతారు. మెమోలో ఎట్లా ఉందో అట్లనే, ఒక్క అక్షరం తేడా లేకుండా ఆధార్‌ను మార్పించండి. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. అందుకే సెంటర్‌లో అబ్బాయి టైప్ చేశాక స్క్రీన్ మీద మీరే చదవండి. TH ఉందా, T ఉందా, చివర A ఒకటా రెండా చూడండి. సిగ్గుపడకండి, వెనక లైనులో వాళ్లు తొందరపెట్టినా చదివే సంతకం పెట్టండి. ఆధార్ సరయ్యాక అదే పేరుతో బ్యాంకు పాస్‌బుక్, ఆ తర్వాత మీసేవలో కుల పత్రం. వరుస ఇదే. ముందు కుల పత్రం తీసుకుని తర్వాత ఆధార్ మారిస్తే అది మళ్లీ తీసుకోవాల్సి వస్తుంది.

మీలో పెళ్లైన చెల్లెళ్లు కూడా ఉన్నారు. సంతోషం, చదువు ఆపనందుకు. అత్తగారింట్లో ఆధార్‌లో భర్త ఇంటిపేరు పెట్టించి ఉంటే ఇదే చిక్కు వస్తుంది. కుల పత్రం మాత్రం ఎప్పుడూ తండ్రి నుంచే వస్తుంది, భర్త నుంచి కాదు.

ఇంకో సంగతి మన ప్రాంతానికే ప్రత్యేకం. మనకు అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక దగ్గర. దెగ్లూర్ వైపు, బీదర్ వైపు మనకు చుట్టాలున్నారు, పిల్లనిచ్చి తెచ్చుకుంటాం. ఒకటే గోర్ బోలి, అవే గోత్రాలు, అదే తీజ్. కానీ ప్రభుత్వం కాగితంలో మనం మూడు రకాలు. తెలంగాణలో లంబాడాలు ఎస్టీలు. కర్ణాటకలో లంబానీలు ఎస్సీలు. మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతుల కింద ఉన్నారు. మన తెలంగాణ ప్రాంతంలో కూడా ఇది మొదటి నుంచి లేదు. ఆంధ్ర ప్రాంతంలో అంతకుముందే ఉంది గానీ, మనకు 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతోనే వచ్చింది. తాతను అడగండి, ఆ కాగితం లేని కాలం ఆయనకు గుర్తుంటుంది. అందుకని అమ్మమ్మ ఊరి నుంచి, మేనమామ తెచ్చిచ్చిన అటు రాష్ట్రం పత్రం ఇక్కడ పెట్టకండి. మీరు పుట్టింది బీదర్ ఆసుపత్రిలోనైనా, నాయన ఇక్కడివాడైతే ఇక్కడి పత్రమే తీసుకోవాలి.

వేలిముద్ర గురించి. చిన్నప్పుడు ఆధార్ తీసిన పిల్లలు 5 ఏళ్లకు ఒకసారి, 15 ఏళ్లు నిండాక మరోసారి వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. మనలో చాలామంది రెండోది ఇవ్వలేదు. ఏడేళ్లప్పటి వేలుకు ఇప్పటి వేలు ఎట్లా కలుస్తుంది? మీసేవలో మూడుసార్లు పెట్టినా పడలేదంటే ముందు ఆధార్ సెంటర్‌కు పోయి కొత్త ముద్రలు ఇవ్వండి. వరినాట్లు వేసిన వారంలో కూడా వేళ్లు అరిగి ముద్ర పడదు. అట్లాంటప్పుడు వేరే వేలు పెడతానని అడగండి, లేకుంటే నాలుగు రోజులు ఆగి పోండి. పడలేదని ఇంట్లో కూర్చోవద్దు. చివరి తేదీ మనకోసం ఆగదు.

బ్యాంకు ఖాతా ఇంటర్‌లో తీసి అట్లనే వదిలేసి ఉంటే ఒకసారి పోయి చూడండి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతాను పనిచేయనిదిగా పెడతారు. వంద రూపాయలు వేసి, తీసి, ఆధార్ లింక్ అయి ఉందో లేదో అడిగి రండి. ఖాతా మీ పేరునే ఉండాలి, నాయనది ఇవ్వకండి. ఆదాయ పత్రం కూడా ఇంటర్‌కు పెట్టిన పాతది కాకుండా కొత్తది తీసుకోండి.

ఇవన్నీ సరిగ్గా చేసినా డబ్బు ఆలస్యంగానే వస్తుంది. ఇది ముందే ఇంట్లో చెప్పండి. సెమిస్టర్ ఖర్చు దీని మీద లెక్క వేసుకుని అప్పు తేవద్దు. ఆలస్యం వేరు, ఆగిపోవడం వేరు. ఆలస్యమైతే అందరిదీ ఆలస్యం అవుతుంది. మీ క్లాసులో మిగతావాళ్లకు వచ్చి మీ ఒక్కరికే రాలేదంటే మీ కాగితంలో ఏదో ఉందని అర్థం. అందుకే దరఖాస్తు నంబర్ దాచుకుని నెలకోసారి ఫోన్‌లో చూసుకోండి. ఎక్కడ ఆగిందో అక్కడ కనిపిస్తుంది.

చివరగా హాజరు. 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. లెక్క చెప్తాను. సెమిస్టర్‌లో 90 రోజులు క్లాసులు జరిగితే 68 రోజులు రావాలి. అంటే మీ చేతిలో ఉన్నది 22 రోజులు. వినడానికి చాలా ఉన్నట్టుంటుంది. వానాకాలం నాట్లకు ఓ వారం, ఇంట్లో పెళ్లికి ఐదు రోజులు, జ్వరానికి నాలుగు, బస్సు తప్పినవి మూడు. అప్పుడే 19 అయిపోయాయి. అప్పుడు తీజ్ వస్తుంది. తొమ్మిది రోజుల పండుగ. శ్రావణంలో బుట్టల్లో గోధుమలు నానేసి, పెళ్లికాని పిల్లలు నీళ్లు పోసి పెంచుతారు. నేనూ పోశాను, పోస్తూనే ఉన్నాను. దానికోసం తొమ్మిది రోజులూ ఇంట్లో ఉండక్కర్లేదు. పొద్దున నీళ్లు పోసి బస్సెక్కి, సాయంత్రం పాటల వేళకు ఇల్లు చేరొచ్చు. నిమజ్జనం రోజు ఒక్కటి సెలవు పెట్టండి, ఎవరూ కాదనరు. మా బ్యాచ్‌లో చెల్లెళ్లు, అక్కలు అట్లనే చేశారు. అవ్వలు మొదట గొణిగారు, తర్వాత బస్సు టైముకు వాళ్లే లేపారు.

బస్సు అంటే గుర్తొచ్చింది. ఆడపిల్లలకు మహాలక్ష్మి కింద పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్‌కు డబ్బు లేదు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. తమ్ముళ్లు ఈ వారమే బోనఫైడ్ తీసుకుని డిపోలో పాస్ చేయించుకోండి.

రేపటి నుంచి వారం రోజులు మధ్యాహ్నం భోజనం తర్వాత నేను, నాతోపాటు ఇంకో నలుగురు సీనియర్లు ఆఫీసు వరండాలో కూర్చుంటాం. పదో తరగతి మెమో, ఆధార్, కుల పత్రం, పాస్‌బుక్, నాలుగూ తెచ్చి పక్కపక్కన పెట్టండి. అక్షరం అక్షరం చూద్దాం. క్లాసులో తెలుగులో అడగడానికి బెరుకైనవాళ్లు మాతో గోర్ బోలిలోనే మాట్లాడండి. ఫోన్‌లో తీసిన ఫొటోలు వద్దు, అసలు కాగితాలే తెండి, కవరులో పెట్టుకుని. వానాకాలం కదా.

జై సేవాలాల్.